ఫోటోలో వచ్చిన సీబీపీ: ఎనిమిది గుర్తులు, వాటి వెనక కథ

రక్తపరీక్ష రిపోర్టు ఇంట్లో సొరుగులో ఉంటుంది, దాని ఫోటో మాత్రం వాట్సాప్‌లో ఊళ్ళు తిరుగుతుంది. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి, అమెరికాలో ఉన్న అల్లుడికి, తెలిసిన నర్సుకి, ఒకసారి మెడికల్ షాపులో కుర్రాడికి కూడా. అందరూ ముందు చూసేది ఒకటే: నల్లగా ముద్దక్షరాల్లో పడిన అంకెలు, పక్కన హెచ్ అనో ఎల్ అనో గుర్తు. ఆ గుర్తుల్ని లెక్కపెట్టి భయపడటమో, తక్కువే ఉన్నాయని ఊరుకోవడమో జరుగుతుంది. గుర్తుల్ని లెక్కపెట్టడం కన్నా, ఏ గుర్తు దేనితో కలిసి వచ్చిందో చూడటం వల్ల ఉపయోగం ఎక్కువ. ఆ పని సీబీపీ అనే మామూలు పరీక్ష మీద చేసి చూద్దాం. మన దగ్గర అందరూ చేయించుకునేది అదే, ఎక్కువ కంగారు పెట్టేదీ అదే.

ఉదాహరణకి బాపట్ల వైపు ఒక పల్లెలో ఉండే 43 ఏళ్ళ ఆవిడని అనుకుందాం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, పొద్దున లేస్తూనే నీరసం. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రెండు సీసాల టానిక్కు ఇచ్చాడు, తగ్గలేదు. టౌనుకెళ్ళి సీబీపీ, షుగర్ పరీక్షలు చేయించుకుంది. సాయంత్రం తమ్ముడికి ఫోటో, వెనకే ఒక వాయిస్ మెసేజ్: "ఒరేయ్ చిన్నా, ఎనిమిది చోట్ల నల్లగా కొట్టాడ్రా. ప్లేట్‌లెట్లు ఎక్కువంట, ఇంకేదో తెల్లకణాలంట. రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి, ఏం అడగాలో చెప్పు." మనిషి ఊహించిన మనిషే గానీ, అంకెలు ఇలాంటి రిపోర్టుల్లో రోజూ కనిపించే రకమే.

ఫోటోలో ఉన్నవి ఇవి. పక్కన ల్యాబు వాళ్ళు అచ్చు వేసిన హద్దులు:

హిమోగ్లోబిన్ 9.2 (12.0 – 15.0) ఎల్
ఎర్రకణాల సంఖ్య 4.25 మిలియన్లు (3.8 – 4.8)
పీసీవీ 29.8 (36 – 46) ఎల్
ఎంసీవీ 70.1 (83 – 101) ఎల్
ఎంసీహెచ్ 21.6 (27 – 32) ఎల్
ఎంసీహెచ్‌సీ 30.9 (31.5 – 34.5) ఎల్
ఆర్‌డీడబ్ల్యూ 18.4 (11.6 – 14.0) హెచ్
తెల్లకణాలు 6,200 (4,000 – 10,000)
న్యూట్రోఫిల్స్ 48 శాతం (40 – 80)
లింఫోసైట్స్ 44 శాతం (20 – 40) హెచ్
ప్లేట్‌లెట్లు 4.62 లక్షలు (1.5 – 4.1) హెచ్

చదవబోయే ముందు ఫోటోని అనుమానించాలి. ఆస్పత్రి వరండాలో ట్యూబులైటు కింద, ఒక చేత్తో కాగితం పట్టుకుని రెండో చేత్తో తీసిన ఫోటో అది. కాగితం మధ్యలో మడత. సరిగ్గా ఆ మడత మీదే ఎంసీవీ అంకె పడి, 70.1 కాస్తా 76.1 లాగానో 79.1 లాగానో కనిపిస్తోంది. దశాంశ బిందువు చాలా చిన్నది, వాట్సాప్ ఫోటోని కుదించినప్పుడు ముందు మాయమయ్యేది అదే. అక్కకి ఫోన్ చేసి చదివించుకోవచ్చు. అయితే ఆవిడ కళ్ళజోడు లేకుండా చదివిందేమోనన్న అనుమానం ఇంకోటి ఉంటుంది.

సీబీపీలో ఒక సదుపాయం ఉంది. అందులోని ఎర్రకణాల అంకెలు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. పీసీవీని పదితో హెచ్చించి ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే ఎంసీవీ వస్తుంది. ఇక్కడ 298ని 4.25తో భాగిస్తే 70.1. అంటే మడత కింద ఉన్నది 70.1 అన్నమాట, 76 కాదు. అలాగే హిమోగ్లోబిన్‌ని పదితో హెచ్చించి అదే ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే ఎంసీహెచ్: 92 భాగించు 4.25, సుమారు 21.6. హిమోగ్లోబిన్ 9.2 అని చదివింది సరైనదే, 8.2 కాదు. తెల్లకణాల రకాల శాతాలన్నీ కూడితే 100 రావాలి. ఈ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 48, లింఫోసైట్స్ 44, ఇసినోఫిల్స్ 4, మోనోసైట్స్ 4. సరిపోయింది. లెక్క కుదరకపోతే ఎక్కడో అంకె తప్పు చదివామనో, ల్యాబులో టైపు కొట్టేటప్పుడే తప్పు జరిగిందనో అర్థం. చిన్న ల్యాబుల్లో మిషన్ ఇచ్చిన చీటీ చూసి చేత్తో టైపు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ రెండోది అరుదేమీ కాదు.

ఫోటో మళ్ళీ తీయించాల్సి వస్తే, కాగితాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి తీయమనండి. నాలుగు మూలలూ పడాలి. చాలామంది అంకెలున్న భాగం మాత్రమే పడేట్టు తీస్తారు, పైన పేరు, వయసు, రక్తం తీసిన తేదీ ఎగిరిపోతాయి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న రిమార్కు కూడా పోతుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించదు. ల్యాబు వాళ్ళు పీడీఎఫ్ పంపుతారేమో అడిగితే ఇంకా మంచిది.

పైభాగం ఎందుకంత ముఖ్యమంటే, హద్దులు ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు. కంప్యూటర్లో స్త్రీకి బదులు పురుషుడు అని నొక్కితే హిమోగ్లోబిన్ హద్దు 13 నుంచి మొదలవుతుంది, 12.4 ఉన్న ఆడమనిషికి అనవసరంగా ఎల్ పడుతుంది. ఆరో నెల గర్భిణికి మామూలు ఆడవాళ్ళ హద్దు వేస్తే అదీ పొరపాటే. వాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత 12 కాదు, ఇంకొంచెం కిందన ఉంటుంది. ఇక పేరు సంగతి. ఒకే ఉదయం ఒకే ల్యాబుకి ఇద్దరు లక్ష్మిలు రావడం మన ఊళ్ళల్లో వింతేమీ కాదు. వయసు, ఇంటిపేరు కలిశాయో లేదో ఒకసారి చూసుకోవాలి.

కొలమానాల గొడవ కూడా ఇక్కడే తేలిపోవాలి. ప్లేట్‌లెట్లు ఒక ల్యాబు 4.62 లక్షలు అని రాస్తుంది, ఇంకోటి 4,62,000 అని, మరోటి వేలల్లో లెక్కగట్టి 462 అని. మూడూ ఒకటే. వర్షాకాలంలో డెంగీ భయం ఉన్నప్పుడు "ప్లేట్‌లెట్లు 162 అంటండీ" అని గుండెలు బాదుకునే ఫోన్లు ఇందువల్లే వస్తాయి. అది 1.62 లక్షలు, హద్దులోనే ఉంది. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు తన రిపోర్టుతో అమ్మ రిపోర్టు పోల్చి చూస్తే ఇంకో చిక్కు. అక్కడ హిమోగ్లోబిన్‌ని లీటరుకి గ్రాముల్లో ఇస్తారు, మన 9.2 అక్కడ 92. అంకె ఒక్కటే చూడకూడదు, పక్కన కొలమానం, దాని పక్కన హద్దు, మూడూ కలిపి ఒకే వరుసలో చూడాలి.

ఇప్పుడు గుర్తుల దగ్గరికి వద్దాం. హద్దు అంటే ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి పరీక్ష చేసి, అందులో నడిమి 95 శాతం మంది ఎక్కడ పడ్డారో ఆ మేరని హద్దుగా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని 100 మందిలో అయిదుగురు ఎలాగూ హద్దు బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికైనా కనీసం ఒక్కటి హద్దు దాటే అవకాశం 64 శాతం. పండగ ఆఫరులో డెబ్బై పరీక్షల ప్యాకేజీ చేయించుకున్న మనిషికి ఒక్క గుర్తూ పడకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఒంటరిగా, హద్దుకి కొంచెం అవతలగా, ఏ తోడూ లేకుండా నిలబడిన గుర్తుకి బలం తక్కువ. ఒకే సంగతి చెప్పే నాలుగైదు అంకెలు కలిసి ఒకే వైపుకి వంగితే మాత్రం పట్టించుకోవాలి.

ఆ లెక్కన ఈ ఎనిమిదింటినీ చూస్తే, ముందు లింఫోసైట్స్‌ని పక్కన పెట్టేయచ్చు. 44 శాతం, హద్దు 40. హెచ్ పడింది. కానీ ఇది శాతం, సంఖ్య కాదు. మొత్తం తెల్లకణాలు 6,200. అందులో 44 శాతం అంటే 2,728. లింఫోసైట్ల అసలు సంఖ్యకి హద్దు సుమారు 1,000 నుంచి 3,000. హాయిగా లోపలే ఉంది. న్యూట్రోఫిల్స్ వాటా కొంచెం తగ్గినందుకు వీటి వాటా పెరిగినట్టు కనిపించిందంతే. కొన్ని ల్యాబులు కిందే ఆబ్సల్యూట్ కౌంట్ అని అసలు సంఖ్య కూడా వేస్తాయి, వెయ్యకపోతే ఈ గుణకారం మనమే చేసుకోవచ్చు. "తెల్లకణాలేవో ఎక్కువంట" అని ఆవిడ రాత్రంతా నిద్ర మానుకున్నది ఈ గుర్తు గురించే అయ్యుంటుంది. నా లెక్కలో సీబీపీలో అనవసరంగా ఎక్కువమందిని భయపెట్టేది ఇదే.

మిగిలిన ఏడింటిలో ఆరు ఎర్రకణాలవి, ఆ ఆరూ ఒకే మాట చెబుతున్నాయి. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ప్రాణవాయువుని మోసే ఎర్రటి పదార్థం ఎంత ఉందో చెప్పేది. పీసీవీ రక్తంలో ఎర్రకణాలు ఎంత చోటు ఆక్రమించాయో చెబుతుంది. ఎంసీవీ ఒక్కో కణం సైజు. ఎంసీహెచ్ ఒక్కో కణంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందో, ఎంసీహెచ్‌సీ అది ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్కలు. ఆర్‌డీడబ్ల్యూ కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెబుతుంది. ఇప్పుడు ఎర్రకణాల సంఖ్య చూడండి: 4.25, హద్దులోనే ఉంది, దానికి గుర్తు పడలేదు. అంటే కణాలు సరిపడా తయారవుతున్నాయి. కానీ చిన్నవిగా, పాలిపోయి, ఒకదానికొకటి పోలిక లేని సైజుల్లో తయారవుతున్నాయి. ముడిసరుకు చాలకుండా పని నడిపిస్తున్న ఒళ్ళు ఇలాగే చేస్తుంది, ఆ ముడిసరుకు చాలా సార్లు ఇనుము. రిపోర్టు కింద సన్నటి అక్షరాల్లో ఉన్న స్మియర్ రిమార్కు కూడా అదే అంది: మైక్రోసైటిక్ హైపోక్రోమిక్, అంటే చిన్నవి, వెలిసినవి. పెన్సిల్ సెల్స్ అని కూడా రాసి ఉంది, సన్నగా పొడుగ్గా సాగిన కణాలన్నమాట. ఇనుము లోపంలో ఇవి తరచుగా కనిపిస్తాయి. పెథాలజిస్టు అద్దం మీద రక్తపు చుక్క పరిచి కళ్ళతో చూసి రాసిన ఈ ఒక్క లైనునే మనవాళ్ళు ఫోటోలోంచి కత్తిరించి పారేస్తారు.

ప్లేట్‌లెట్లు 4.62 లక్షలు ఉండటం వేరే జబ్బని ఆవిడ అనుకుంది. ఇనుము తగ్గినప్పుడు ప్లేట్‌లెట్లు కొంచెం పెరగడం డాక్టర్లకి బాగా పరిచయమైన సంగతి. ఒంట్లో రక్తం పోతున్నా, వాపులూ జ్వరాలూ ఉన్నా పెరుగుతాయి. ఇనుము సరిదిద్దాక ఇవి దిగాయా లేదా అన్నది తర్వాత చూసుకోవాల్సిన పని. దిగకపోతే అప్పుడు విడిగా ఆలోచించాలి. అంటే ఎనిమిది గుర్తుల్లో ఒకటి లెక్కల మాయ, ఏడు కలిసి ఒకే కథ.

అయితే చిన్న కణాలు కనిపించగానే ఇనుము అని తేల్చేయడం మాత్రం తొందరపాటు. తలసీమియా ట్రెయిట్ అని ఒకటుంది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక జన్యువు వస్తుంది. మనిషికి చాలావరకు ఏ బాధా ఉండదు, కణాలు మాత్రం పుట్టినప్పటి నుంచీ చిన్నవే. వాళ్ళకి ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగించినా ఎంసీవీ కదలదు. రెండింటినీ విడదీయడానికి ఒక మోటు లెక్క ఉంది, మెంట్జర్ ఇండెక్స్ అంటారు: ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. 13 కన్నా ఎక్కువొస్తే ఇనుము లోపం వైపు, తక్కువొస్తే ట్రెయిట్ వైపు మొగ్గు. మన రిపోర్టులో 70.1ని 4.25తో భాగిస్తే 16.5. పైగా ఆర్‌డీడబ్ల్యూ బాగా పెరిగింది, ట్రెయిట్‌లో అది అంతగా పెరగకపోవడం ఎక్కువ. అదే ఎంసీవీ 63 ఉండి ఎర్రకణాలు 5.8 మిలియన్లు ఉంటే 10.9 వచ్చేది, అప్పుడు అడగాల్సిన పరీక్ష వేరు: హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ. పెళ్ళి కావాల్సిన పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ పెద్ద తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ ఇండెక్స్ దారి చూపించేదే గానీ తీర్పు చెప్పేది కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండనూ వచ్చు.

ఇంకో ఫోటో ఉంది, షుగర్‌ది. పరగడుపు షుగర్ 94, హెచ్‌బీఏ1సీ 6.2. మొదటిది మామూలు. రెండోదాని పక్కన "ప్రీడయాబెటిస్ 5.7 – 6.4" అని అచ్చు. గమనించండి, ఇది పైన చెప్పిన 95 శాతం హద్దు లాంటిది కాదు. జబ్బు ముప్పుని బట్టి వైద్య సంఘాలు గీసిన గీత, కొలెస్ట్రాల్ పక్కన రాసేవి కూడా ఇలాంటివే. ఏ1సీ పరీక్ష ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటిందో కొలుస్తుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఎర్రకణాలే సవ్యంగా లేనప్పుడు ఆ కొలత కూడా సవ్యంగా ఉండదు. ఇనుము లోపంలో ఏ1సీ అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు. రక్తం ఎక్కువగా పోయినప్పుడూ, కణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లోనూ తక్కువ చూపిస్తుంది. పరగడుపు 94 ఉండి ఏ1సీ 6.2 ఉందంటే, రెండూ పొసగలేదని డాక్టరు గారికి చెప్పి అడగాల్సిన మాటే. ఫోటోలు విడివిడిగా వేరేవేరే వాళ్ళకి పంపితే ఈ ముడి ఎవరికీ కనిపించదు. షుగర్ చూసినవాళ్ళు షుగర్ మాత్రలంటారు, సీబీపీ చూసినవాళ్ళు టానిక్కంటారు.

పాత రిపోర్టు ఉంటే తీయించాలి. ఆవిడకి కిందటేడు హెల్త్ క్యాంపులో తీసిన రిపోర్టు ఉందనుకుందాం: హిమోగ్లోబిన్ 11.3, ఎంసీవీ 79. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, 12కి దగ్గరే కదా అన్నారు. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక్కసారిగా పడిపోయింది కాదని, ఏడాదిపైగా నెమ్మదిగా జారుతోందని తెలుస్తుంది. డాక్టరుకి ఇది చాలా విలువైన సమాచారం. మూడు నెలల్లో 13 నుంచి 9కి పడిన మనిషిని ఆయన చూసే తీరు వేరుగా ఉంటుంది.

మన దగ్గర ఆడవాళ్ళకి రక్తం తక్కువుండటం ఎంత మామూలైపోయిందంటే, అది ఎందుకు తగ్గిందని అడగడమే మానేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరికీ ఉందని కారణం వెతక్కపోవడం తప్పు. 9.2ని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక మోస్తరు రక్తహీనత అంటారు, 8 కన్నా తక్కువైతే తీవ్రం. రేపు డాక్టరు దగ్గర అడగాల్సినవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే: ఇనుము ఎటు పోతోంది?

ఆ ప్రశ్నకి జవాబు సగం రోగి దగ్గరే ఉంటుంది, కాబట్టి అడగడం కన్నా ముందు చెప్పడానికి సిద్ధపడాలి. నెలసరి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడతాయా. మలంలో రక్తమా, మలం తారులా నల్లగా ఉంటోందా, మొలలున్నాయా. మోకాళ్ళ నొప్పులకి షాపులో కొనుక్కునే నొప్పి బిళ్ళలు ఎన్నాళ్ళుగా, గ్యాసుకని పొద్దున్నే వేసుకునే గుళిక ఎన్నేళ్ళుగా. మొదటివి కడుపులో పుండుపడి రక్తం కారడానికి కారణం కావచ్చు, రెండోది ఏళ్ళ తరబడి వాడితే ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గించవచ్చు. తమ్ముడికి చెప్పడానికి ఆవిడ మొహమాటపడే విషయాలు ఇందులో సగం ఉన్నాయి. అందుకని తమ్ముడి భార్య ఫోన్ తీసుకుని "వదినా, డాక్టరమ్మకి నెలసరి సంగతి ముందే చెప్పు, ఆవిడ అడిగేదాకా ఆగకు" అనడం ఎంతో మేలు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి గానీ మగవాళ్ళకి గానీ ఇదే రిపోర్టు వస్తే, జీర్ణకోశంలో ఎక్కడ రక్తం పోతోందో చూడకుండా ఐరన్ మాత్రలతో సరిపెట్టకూడదు. పేగు క్యాన్సరు తొలి గుర్తు కొందరిలో ఇదొక్కటే.

ఇక అడగాల్సినవి. డాక్టరుకి ఆరేడు నిమిషాలే ఉంటాయి, చీటీ మీద రాసుకెళ్ళడం నామోషీ కాదు. జబ్బు పేరు మనం ముందే చెప్పేసి ఔనా అని అడిగితే ఔననడానికే మొగ్గు ఉంటుంది, కాబట్టి ప్రశ్న తెరిచి ఉండాలి. "డాక్టరు గారూ, కణాలు చిన్నవిగా ఉన్నాయని రాశారు, దేనివల్లంటారు? ఫెర్రిటిన్ చూడాలా?" ఫెర్రిటిన్ ఒంట్లో దాచుకున్న ఇనుముకి కొలత. ఒక మెలిక ఉంది: జ్వరం, వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు అది పెరిగిపోయి, ఇనుము లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. కిందటి వారం జ్వరం వచ్చి ఉంటే ఆ మాట చెప్పాలి. ఐరన్ మాత్రలు మొదలెట్టకముందే రక్తం ఇస్తే అంకె నమ్మకంగా ఉంటుంది. "స్కానింగు గానీ, ఎండోస్కోపీ గానీ నాకు అవసరమా, ఎందుకు?" "ఏ1సీ 6.2 ని ఈ రక్తహీనతతో కలిపి చూస్తే నమ్మవచ్చా? షుగర్ ఇంకో విధంగా చూడాలా?" ఇంక మాత్ర ఎలా వేసుకోవాలి, ఎన్నాళ్ళు, మళ్ళీ సీబీపీ ఎప్పుడు.

మాత్ర సంగతిలో తేదీలూ వేళలూ అడిగి రాసుకోవాలి. టీతో, కాఫీతో, పాలతో, క్యాల్షియం బిళ్ళతో కలిపి వేసుకుంటే ఇనుము చాలావరకు వృథా. ఒక మోతాదు పడ్డాక కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను పెంచి, దాదాపు ఒక రోజు పాటు పేగు ఇనుముని తీసుకోవడం తగ్గించేస్తుంది. అందుకే ఈమధ్య కొందరు డాక్టర్లు రోజు మార్చి రోజు రాస్తున్నారు. డాక్టరు మరిచిపోయి అలా రాశాడేమోనని రోజూ వేసుకోనక్కర్లేదు. మాత్రలు వాడుతున్నప్పుడు మలం నల్లగా రావడం మామూలే, ముందే తెలిస్తే కంగారు ఉండదు.

మరుసటి రోజు దాకా ఆగకూడని రిపోర్టులు కూడా ఉంటాయి. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువున్నా, కూర్చుని ఉన్నా ఆయాసం, గుండెలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉన్నా, ఆగకుండా రక్తస్రావం అవుతున్నా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. స్మియర్ రిమార్కులో బ్లాస్ట్స్ అన్న మాట కనిపిస్తే కూడా అంతే. ప్లేట్‌లెట్లు 20,000 కన్నా తక్కువున్నా అంతే. ప్లేట్‌లెట్లు తక్కువని వచ్చినప్పుడు రిమార్కులో క్లంప్స్ అని రాశారేమో చూడాలి. సీబీపీకి వాడే ఊదా మూత గొట్టంలోని మందుకి కొందరి ప్లేట్‌లెట్లు గుంపుగా అంటుకుపోతాయి, మిషన్ ఒక్కో గుంపుని లెక్కలోంచి వదిలేస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి 60 వేలే ఉన్నట్టు వస్తుంది. అప్పుడు సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో మళ్ళీ తీసి చూడమని ల్యాబు వాళ్ళనే అడగవచ్చు. అది కూడా ఆ రోజే, వచ్చే వారం కాదు.

మన ఆవిడకి మాత్రలు మొదలయ్యాయనుకుందాం. నాలుగు వారాలకి మళ్ళీ సీబీపీ ఫోటో వస్తుంది, ఇందులో కూడా గుర్తులు బోలెడుంటాయి. హిమోగ్లోబిన్ 9.2 నుంచి 10.6కి వచ్చి ఉంటే ఇంకా ఎల్ అనే ఉంటుంది, కానీ మందు పనిచేస్తోందని అర్థం. నెలకి ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగాలని చూస్తారు. ఆర్‌డీడబ్ల్యూ 18.4 నుంచి 22కి పెరిగి ఉండవచ్చు, ఆ హెచ్ చూసి బెదరక్కర్లేదు: సరైన సైజులో పుట్టిన కొత్త కణాలు పాత చిన్న కణాలతో కలిసి తిరుగుతున్నాయి కాబట్టి తేడా ఇంకా పెరిగింది. ఎంసీవీ అన్నిటికన్నా ఆలస్యంగా దారికి వస్తుంది. ఒకవేళ హిమోగ్లోబిన్ కదలకపోతే ప్రశ్నల వరస మారుతుంది: మాత్రలు నిజంగా వేసుకుందా, లేక కడుపులో వికారమని వారానికే ఆపేసిందా, రక్తం ఇంకా పోతూనే ఉందా, ఒంటికి పట్టడం లేదా, ఆ హెచ్‌పీఎల్‌సీ చేయించాలా, సూది ద్వారా ఐరన్ ఎక్కించాలా. పెరిగితే మాత్రం హిమోగ్లోబిన్ 12 దాటిన రోజే మాత్రలు ఆపకూడదు, ఒంట్లో నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ఆ నిల్వ నిండాక ఏ1సీ మరోసారి చేయిస్తే, 6.2లో చక్కెర ఎంతో, రక్తహీనత ఎంతో అప్పుడు తేలుతుంది.